అచ్చు అక్షరాల మీద పడిన ఊదా సీలును విడదీయాలంటే ఏ పద్ధతి మేలు?

కడపలో పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసే పని నాది. పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు గోనెసంచి నిండా పుస్తకాలు తెచ్చి దించారు. అందులో ఒకదాని ముఖపత్రం మీద కోడిగుడ్డు ఆకారంలో ఊదా రంగు సీలు ఉంది. పై వంపులో "గ్రంథాలయము" అని చక్కగా చదవొచ్చు. కింది వంపులో "కడప జిల్లా" అనీ తెలుస్తోంది. మధ్యలో ఉన్న ఊరి పేరు దగ్గరే వచ్చింది చిక్కు. మొదటి అక్షరం "వే". తర్వాతది సరిగ్గా పుస్తకం పేరులోని లావుపాటి నల్లక్షరంలో కలిసిపోయింది. చివరలో "ల" లాంటిది ఒకటి కనిపిస్తోంది కానీ, దాని కింద వత్తు ఉందో లేదో చూద్దామంటే అక్కడ అచ్చులోని అలంకారపు గీత అడ్డం.

"వేముల పుస్తకమా, వేంపల్లె పుస్తకమా? అదొక్కటి తేల్చు నాయనా. రెండు ఊర్లకూ నేను పోయి అడగాల్సుంటాది" అన్నారు మాస్టారు.

రెండూ మా జిల్లా ఊళ్లే, రెండూ పులివెందుల వైపువే. రెండింటినీ వేరుచేసే ముఖ్యమైన గుర్తులు "వే" పక్కన సున్న ఉందా లేదా, మధ్య అక్షరం "ము"నా "ప"నా, "ల" కింద వత్తు ఉందా లేదా అన్నవే. సీలు మీద ఆ సున్న వెడల్పు ఒక మిల్లీమీటరు ఉంటుంది, అంతే. దాన్ని బయటికి తీయడానికి నాలుగు పద్ధతులు వరసగా వాడి చూశాను. ఒకే పేజీ మీద నాలుగూ ఎలా పనిచేశాయో చెబితే, మీ చేతిలోని పేజీకి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు.

ముందు స్కాన్ సంగతి

పద్ధతి ఏదైనా స్కాన్ బాగా లేకపోతే పని జరగదు. మాస్టారు ముందు ఫోన్‌లో తీసిన ఫొటో పంపారు, అది జేపెగ్ ఫైలు. జేపెగ్ వెలుగునీడల్ని పూర్తి రిజల్యూషన్‌తో దాచుకుంటుంది కానీ రంగును మాత్రం చాలాసార్లు నాలుగు పిక్సెళ్లకు ఒక్క విలువ చొప్పున సరిపెడుతుంది. మనం వెతికేది రంగునే. నల్లక్షరం అంచుల చుట్టూ ఊదా రంగు పొగలా అలుముకుని ఉంటే అది జేపెగ్ పనే. అక్కడ సున్న గీత ఏదో, పొగ ఏదో తేల్చడం ఎవరి వల్లా కాదు.

అందుకని పుస్తకాన్ని తెప్పించుకుని 600 డీపీఐలో, 24 బిట్ రంగులో, టిఫ్ ఫైలుగా స్కాన్ చేశాను. 600 డీపీఐలో మిల్లీమీటరుకు దాదాపు 24 పిక్సెళ్లు వస్తాయి, సున్న చూడటానికి అది చాలు. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెన్, ఆటో కాంట్రాస్ట్, టెక్స్ట్ ఎన్‌హాన్స్ లాంటివన్నీ ఆపేయాలి. ముఖ్యంగా షార్పెన్. అది అక్షరాల అంచుల్లో లేని తెల్ల గీతలు పుట్టిస్తుంది. పేజీ వెనక నల్ల కాగితం పెడితే అవతలి వైపు అచ్చు ఇవతలికి తొంగిచూడదు.

ఇంకొకటి చూసుకోవాలి. చవక స్కానర్లలో చాలావరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఈలోగా తల కాస్త ముందుకు జరుగుతూనే ఉంటుంది. దాంతో మూడు రంగుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. సీలుకు దూరంగా ఉన్న ఒక నల్లక్షరాన్ని 800 శాతం పెద్దది చేసి చూడండి. పై అంచున ఒక రంగు, కింది అంచున ఇంకో రంగు సన్న గీతలా కనిపిస్తే ఆ తేడా ఉన్నట్టే. ఒక చానెల్‌ను, అంటే ఒక రంగు బొమ్మను, ఒక పిక్సెల్ పైకో కిందికో జరిపితే సాధారణంగా సర్దుకుంటుంది. ఈ పని ముందే చేయకపోతే తర్వాత ప్రతి నల్లక్షరానికీ ఒక దొంగ ఊదా అంచు పుడుతుంది.

పేజీ మీద ఉన్నవి మూడు

సీలు, అచ్చు, కాగితం. ఈ మూడూ వెలుతురును వేరువేరుగా మింగుతాయి. అచ్చు సిరాలో ఉండేది మసి. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ ఇంచుమించు సమానంగా మింగేస్తుంది. ఊదా సిరా ఆకుపచ్చ వెలుతురును ఎక్కువగా మింగుతుంది, ఎరుపును కొంత మింగుతుంది, నీలాన్ని చాలావరకు వదిలేస్తుంది. పాతబడి పసుపెక్కిన కాగితం దీనికి తిరగబడి ఉంటుంది. అది నీలాన్నే మింగుతుంది. అసలు తిప్పలన్నీ ఇక్కడివే. సీలు వదిలిన నీలాన్ని కింద ఉన్న కాగితం తినేస్తోంది.

మాస్టారి పేజీలో కలర్ పికర్ పెట్టి చూసిన విలువలు చెబుతాను. వరస ఎరుపు, ఆకుపచ్చ, నీలం; 0 అంటే పూర్తి చీకటి, 255 అంటే పూర్తి వెలుతురు. ఖాళీ కాగితం 228, 208, 166. సీలు తగలని నల్లక్షరం మధ్యలో 48, 44, 40. ఉత్త కాగితం మీద సీలు 137, 94, 133. నల్లక్షరం, సీలు ఒకదాని మీద ఒకటి ఉన్నచోట 36, 32, 35. ఈ నాలుగు వరసలే ఈ వ్యాసం అంతటికీ ఆధారం. మీ పేజీకి కూడా ముందు ఈ నాలుగూ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక్క పిక్సెల్‌ను నమ్మకుండా, చిన్న చదరం సగటు తీసుకోండి.

మొదటి పద్ధతి: ఒక్క చానెల్ చూడటం

అన్నిటికంటే తేలిక ఇదే. గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో `Colors > Components > Decompose` నొక్కితే మూడు చానెళ్లు మూడు నలుపుతెలుపు పొరలుగా విడిపోతాయి. ఊదా సీలు ఆకుపచ్చ చానెల్‌లో బాగా ముదురుగా వస్తుంది: కాగితం 208, సీలు 94. వెలిసిపోయి కంటికి అందని సీలు కూడా ఇక్కడ లేచి వస్తుంది. నీలం చానెల్‌లో అదే సీలు వెనక్కి తగ్గుతుంది: కాగితం 166, సీలు 133. సీలు వెనకున్న అచ్చు చదవాలంటే నీలం చానెల్ చూడాలి, సీలు చదవాలంటే ఆకుపచ్చ చూడాలి.

మిగతా రంగులకు కూడా ఇదే తర్కం. నీలం సీలు ఎరుపు చానెల్‌లో ముదురుగా వస్తుంది. ఎర్ర సీలు ఎరుపు చానెల్‌లో మాయమై, ఆకుపచ్చలో తేలుతుంది.

అచ్చు మీద సీలు పడని పేజీకి ఇంతకు మించి ఏదీ అక్కర్లేదు, ఇక్కడే ఆగిపోండి. మాస్టారి సంచిలో పదిహేను పుస్తకాలకు సీళ్లుంటే పన్నెండు ఈ పద్ధతితోనే చదివేశాం. కానీ ఇది సీలును విడదీయదు. అచ్చు నల్లగా అలాగే ఉంటుంది. మన సున్న ఉన్నచోట ఆకుపచ్చ చానెల్‌లో 44, 32 అనే రెండు విలువలు పక్కపక్కనే ఉన్నాయి. కంటికి రెండూ నలుపే.

రెండో పద్ధతి: రంగును బట్టి ఎంచుకోవడం

గింప్‌లో `Select by Color` పెట్టి ఊదాను నొక్కడం, లేదా హ్యూ విలువను, అంటే అది ఏ రంగో చెప్పే అంకెను, బట్టి "ఇంత నుంచి ఇంత వరకు ఉన్నదంతా సీలే" అని ఏరుకోవడం. మొదట అందరూ పట్టేది ఈ దారే, నేనూ మొదట్లో చాలా కాలం దీన్నే పట్టుకున్నాను. దీన్ని వాడొద్దనే గట్టిగా చెబుతాను.

ఎందుకంటే ఇది ప్రతి పిక్సెల్‌నూ "సీలు" లేదా "కాదు" అని రెండుగా చీలుస్తుంది. సీలు అంచు సగం కాగితం, సగం సిరా. ఆ అంచంతా తెగిపోతుంది, అక్షరాలు పురుగు కొట్టిన ఆకుల్లా వస్తాయి. నల్లక్షరాల లోపల ఇంకా ఘోరం. 48, 44, 40 లాంటి ముదురు పిక్సెల్‌కు హ్యూ అంటూ స్థిరంగా ఏమీ ఉండదు. చానెళ్లలో నాలుగేసి మెట్లు అటూఇటూ అయితే చాలు, హ్యూ నారింజ నుంచి ఊదాకు గెంతుతుంది. దాంతో సీలు లేనిచోట కూడా నల్లక్షరాల్లో ఊదా చుక్కలు ఏరుకుని వస్తుంది. ఉన్నదాన్ని పోగొట్టడమే కాదు, లేనిదాన్ని చూపిస్తుంది. ఊరి పేరు తేల్చే పనిలో రెండోదే ప్రమాదం.

మూడో పద్ధతి: కాగితంతో భాగించి, ఒక చానెల్ నుంచి ఇంకోటి తీసేయడం

ఆలోచన సులువే. నలుపు అన్ని చానెళ్లలో సమానం, కాగితం తెల్లగా ఉంటే అదీ సమానమే. కాబట్టి ఒక చానెల్ నుంచి ఇంకో చానెల్ తీసేస్తే ఆ రెండూ సున్నా అయిపోయి, రంగున్న సీలు ఒక్కటే మిగలాలి. ఊదాకు నీలం చానెల్ నుంచి ఆకుపచ్చ తీసేయాలి, ఎందుకంటే ఆ రెండింటి మధ్యే సీలుకు తేడా ఎక్కువ.

పసుపెక్కిన కాగితం మీద దీన్ని నేరుగా చేస్తే మోసపోతారు. మా పేజీలో కాగితానికి 166 లోంచి 208 తీసేస్తే మైనస్ 42. సీలుకు 133 లోంచి 94 తీసేస్తే 39. ఇంతవరకు పరవాలేదనిపిస్తుంది. కానీ సీలు వెలిసినచోట, సిరా పలచగా పడినచోట, ఆ మైనస్ లోంచి పైకి రాలేక విలువ సున్నా దగ్గరే కత్తిరించుకుపోతుంది. లేత భాగమంతా మాయం. నీలం లోంచి ఎరుపు తీసేస్తే ఇంకా అన్యాయం: సీలుకే 133 లోంచి 137 పోతే మైనస్ 4. మొత్తం సీలు తుడిచిపెట్టుకుపోతుంది. "చానెల్ తీసివేత నా పేజీకి పనిచేయలేదు" అని నాతో చెప్పిన వాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

అందుకే ముందు కాగితాన్ని తెల్లగా చేయాలి. ప్రతి చానెల్‌నూ ఆ చానెల్‌లోని కాగితం విలువతో భాగిస్తే కాగితం 1, 1, 1 అవుతుంది. సీలు 0.60, 0.45, 0.80 అవుతుంది. నలుపు 0.21, 0.21, 0.24 అవుతుంది. గింప్‌లో దీనికి పైన ఒక కొత్త లేయర్ పెట్టి, కాగితం రంగు నింపి, దాని మోడ్‌ను `Divide` చేయాలి. పుస్తకం కుట్టు దగ్గర కాగితం ముదురుగా, అంచుల దగ్గర ఇంకో రంగులో ఉంటుంది కాబట్టి ఒకే రంగు నింపడం కంటే ఇది మేలు: అదే పేజీకి నకలు లేయర్ తీసి, `Median Blur`ను పెద్ద రేడియస్‌తో, పర్సెంటైల్ 90 దగ్గర పెట్టి నడపండి. అచ్చూ సీలూ కరిగిపోయి కాగితం మాత్రమే మిగులుతుంది. దాన్ని `Divide` మోడ్‌లో పెట్టండి. తర్వాత అన్నీ కలిపి ఒకే లేయర్ చేసి, `Decompose` కొట్టి, కింద నీలం పొర, పైన ఆకుపచ్చ పొర మాత్రమే ఉంచి, పై పొర మోడ్ `Subtract` పెట్టండి. చివర్లో రెండు పొరలూ కలిపి ఒకసారి ఇన్వర్ట్ చేస్తే తెల్ల నేల మీద సీలు లేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. కాగితం 0. సీలు 0.35. నల్లక్షరం 0.03. కాగితం పూర్తిగా పోయింది, అచ్చు దాదాపు పోయింది, సీలు శుభ్రంగా నిలబడింది. బయట ఉన్న భాగానికి ఇంతకంటే కోరుకునేది ఏమీ లేదు. ఐదు నిమిషాల పని, కోడ్ రాయక్కర్లేదు. అచ్చు సన్నగా ఉండి, సీలును అక్కడక్కడ మాత్రమే దాటుతుంటే నా సలహా ఇదే.

అసలు చిక్కు రెండూ కలిసినచోటే. అక్కడ 36, 32, 35 ను భాగిస్తే నీలం 0.21, ఆకుపచ్చ 0.15, తేడా 0.06. ఉత్త నల్లక్షరానికి 0.03. ఈ రెండూ కంటికి ఒకటే. అంటే సీలులోంచి అచ్చును తీసేస్తే అచ్చు ఆకారంలో తెల్లటి కన్నాలు మిగులుతాయి. వే పక్కన నాకు కనిపించింది అలాంటి కన్నమే. దాని కుడి అంచున ఒక వంపు మాత్రం ఉంది. అది సున్న కుడి సగం కావచ్చు, "ము" కొస కావచ్చు. చూసిన ఇద్దరం రెండు రకాలుగా చదివాం.

నాలుగో పద్ధతి: లాగ్ తీసి సిరాలను విడగొట్టడం

తీసివేత ఎందుకు ఓడిపోయిందంటే, సిరాలు వెలుతురును కూడికగా తగ్గించవు, గుణకారంగా తగ్గిస్తాయి. నలుపు ఐదో వంతు వెలుతురును వదిలితే, సీలు ఆ ఐదో వంతులో మళ్లీ సగం మింగుతుంది. మొత్తం తక్కువైనప్పుడు తేడా కూడా తక్కువే. గుణకారాన్ని కూడికగా మార్చే పరికరం లాగరిథమ్. కాగితంతో భాగించిన విలువకు లాగ్ తీసి గుర్తు మారిస్తే వచ్చేదాన్ని సాంద్రత అంటారు. సాంద్రతలు కూడుకుంటాయి: కలిసినచోట సాంద్రత నలుపుదీ సీలుదీ మొత్తం. అప్పుడు ప్రతి పిక్సెల్‌నూ "ఇంత నలుపు, ఇంత ఊదా" అని విడగొట్టొచ్చు. మైక్రోస్కోప్ కింద రంగులద్దిన కణజాలాల ఫొటోల కోసం రూయిఫ్రోక్, జాన్‌స్టన్ అనే ఇద్దరు 2001లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు `Colour Deconvolution` అనే పేరుతో దొరుకుతుంది. నేను పైథాన్‌లో ఇలా రాసుకున్నాను:

```python
import numpy as np
from PIL import Image

a = np.asarray(Image.open("page.tif").convert("RGB")).astype(float)
paper = np.array([228, 208, 166])
black = np.array([48, 44, 40])
stamp = np.array([137, 94, 133])

den = lambda x: -np.log10(np.clip(x, 4, 255) / paper)
M = np.array([den(black), den(stamp)])
c = den(a) @ np.linalg.pinv(M)
out = 255 * (1 - np.clip(c[..., 1], 0, 1))
Image.fromarray(out.astype("uint8")).save("stamp.png")
```

ముందు రాసి పెట్టుకోమన్న విలువల్లో మూడు వరసలు ఇక్కడ పనికొచ్చాయి. `c`లో మొదటి పొర నలుపు, రెండోది సీలు. స్కానర్ ఇచ్చే అంకెలు అసలు వెలుతురు కావు, గామా అద్దినవి, అంటే కంటికి సరిపోయేలా మార్చినవి. అయినా లాగ్ తీసేటప్పుడు గామా ఒక గుణకంగా మారిపోతుంది కాబట్టి విడగొట్టడానికి పెద్దగా అడ్డు రాదు.

నలుపు సాంద్రత ఇక్కడ మూడు చానెళ్లలో సమానం అని ఊహించుకోకుండా పేజీ మీద కొలిచి పెట్టడం ముఖ్యం. మా అచ్చు సిరా నీలంలో 0.24, మిగతా రెండింట్లో 0.21. అంటే నిజానికి అది పిసరంత రంగున్న నలుపు. దాన్ని పట్టించుకోకపోతే ప్రతి నల్లక్షరం సీలు పొరలో దెయ్యంలా లేతగా కనబడుతుంది. కొలిచి పెడితే ఆ దెయ్యం పోతుంది. సీలుకు దూరంగా, పేజీ ఇంకో మూల ఉన్న అక్షరాల వైపు చూడండి. అవి సీలు పొరలో పూర్తిగా మాయమైతేనే నల్ల కొలత సరైనది. ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇప్పుడు కలిసినచోట ఏం వచ్చింది? లెక్క ప్రకారం సీలు అక్కడ కూడా 1 రావాలి. వచ్చింది 0.3. ఎందుకంటే సిరా పైపొర నుంచి కొంత వెలుతురు లోపలికి పోకుండానే తిరిగొస్తుంది. ఆ మెరుపుకు సీలు రంగు తెలియదు. ముదురు చోట్ల ఆ కాస్త మెరుపే ఎక్కువ భాగం అయిపోయి, సీలు సంకేతాన్ని పలచన చేస్తుంది. ఊదా సిరా మందంగా ఎండినచోట పుస్తకాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి, లోహం లాంటి తళుకు కనిపిస్తుంది. అదీ ఈ మెరుపే. బిట్‌లు పెంచినంత మాత్రాన ఇది పోదు.

అయినా 0.3కూ సున్నాకూ మధ్య తేడా ఉంది. మూడో పద్ధతిలో 0.06, 0.03 మధ్య వెతికాం. ఇక్కడ 0.3, 0 మధ్య వెతుకుతున్నాం. ధర కూడా ఉంది: ముదురు చోట ఒక చానెల్‌లో ఒక్క మెట్టు అటూఇటూ అయినా సీలు విలువ 0.06 దాకా కదులుతుంది. అందుకే నల్లక్షరం లోపల బొమ్మ ఇసుక చల్లినట్టు గరగరగా వస్తుంది. చిన్న మీడియన్ ఫిల్టర్ ఒకటి వేస్తే ఇసుక అణిగి ఆకారం మిగులుతుంది. పెద్దది వేస్తే సున్న కూడా అణిగిపోతుంది.

మాస్టారి పేజీలో ఇలా తేలింది. "వే" పక్కన, మూడో పద్ధతిలో వంపు ఒక్కటే కనిపించినచోట, నల్లక్షరం లోపల లేత బూడిద రంగులో మిగతా సగం వచ్చింది. రెండూ కలిసి మూసుకున్న గుండ్రం. లోపల కాగితం వెలితి కూడా తెలుస్తోంది. "ము" అయితే కుడి వైపు కొమ్ము లేవాలి. అది లేదు. "ల" కింద అలంకారపు గీత లోపల మాత్రం ఏదో ముదురు ఉంది కానీ దాని ఆకారం చెప్పలేను. గీత మందం, మెరుపు రెండూ ఎక్కువైన చోటు అది.

ఎర్ర సీలు, సంతకం, మచ్చలు

ఎర్ర సీలుకు నాలుగో పద్ధతి దాకా పోవాల్సిన పని తక్కువ. ఎరుపు లోంచి ఆకుపచ్చ తీసేస్తే తేడా పెద్దది, మూడో పద్ధతి చాలు. ఒక్క జాగ్రత్త. పాత కాగితం మీద వచ్చే గోధుమ రంగు మచ్చలు నీలాన్ని బాగా మింగుతాయి. ఎరుపు లోంచి నీలం తీసేశారంటే మచ్చలన్నీ ఎర్ర సీలు ముక్కల్లా లేస్తాయి. అందుకే ఆకుపచ్చనే తీసేయండి, మచ్చలు పూర్తిగా పోకపోయినా చాలా తగ్గుతాయి. ఊదా సీలుకు ఈ బాధ లేదు, మచ్చ అక్కడ మైనస్ వైపు పోతుంది.

సీలు మీద నీలం సిరాతో సంతకం ఉంటే మాత్రం ముందే మనసు సిద్ధం చేసుకోండి. మూడు చానెళ్లతో మూడు సిరాల వరకు లెక్కకు విడతీయొచ్చు, కోడ్‌లో ఇంకో వరస చేరిస్తే సరి. కానీ ఊదా, నీలం ఒకదానికొకటి చాలా దగ్గర. కంప్యూటర్ ఒక దాని వాటాను ఇంకో దానికి పంచుతూ ఇసుకను పదింతలు చేస్తుంది. అలాంటి పేజీలో సంతకం గీతను చేత్తో గుర్తించి, ఆ భాగాన్ని తెలియనిదిగా వదిలేయడమే నిజాయితీ. నలుపుతెలుపులో స్కాన్ చేసిన పాత ఫైలు మాత్రమే ఉంటే ఏ పద్ధతీ లేదు, అసలు పుస్తకాన్ని వెతికి మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

తీసిన దాన్ని ఎలా దాచాలి

కన్నాలు పూడ్చే ఫిల్టర్లు ఉన్నాయి, చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి మధ్యలో అల్లేస్తాయి. చూడటానికి బొమ్మ ముద్దుగా వస్తుంది. కానీ మనకు తెలియాల్సింది కన్నంలో ఏముందన్నదే కదా, దాన్ని మనమే అల్లి మళ్లీ మనమే చదివితే అది సాక్ష్యం కాదు. నేను పూడ్చను. నలుపు పొర విలువ ఎక్కువగా ఉన్నచోట్లను లేత గీతలతో నింపి, "ఇక్కడ అచ్చు ఉంది, నమ్మకం తక్కువ" అని చూపిస్తాను.

నేల తీసేసిన పారదర్శక పీఎన్‌జీగా సీలును ఎవరికీ ఇవ్వను. పనిలో ఉన్న ఆఫీసు సీళ్ల జోలికి అసలు పోను. పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకోవడానికి పక్కన మిల్లీమీటరు కొలబద్ద, పేజీ నంబరు ఉన్న బూడిద రంగు బొమ్మ చాలు. దాన్ని తీసుకెళ్లి ఇంకో కాగితం మీద అతికించడానికి వీలుండకూడదు. అసలు స్కాన్‌నూ, కొలిచిన నాలుగు వరసల అంకెలనూ ఆ బొమ్మ పక్కనే దాచితే రేపు ఇంకొకరు ఇదే పనిని మళ్లీ చేసి సరిచూడొచ్చు.

మాస్టారికి నాలుగో పద్ధతి బొమ్మ, మూడో పద్ధతి బొమ్మ పక్కపక్కన పెట్టి ప్రింట్ తీసిచ్చాను. కళ్లద్దాలు పైకి జరిపి కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూశారు. "సున్నే అబ్బా ఇది" అన్నారు. "వత్తు సంగతి ఏంది మరి?" అని కూడా అడిగారు. వత్తు నాకు కనపడలేదు సార్, ఏదో ఉందని మాత్రమే చెప్పగలను అన్నాను. పుస్తకాల జాబితాలో ఆ వరస ఎదురుగా ఇద్దరం కలిసి ఇలా రాశాం: "వేంపల్లె. సున్న కుడి సగం స్పష్టం, ఎడమ సగం అచ్చు కింద లేతగా. ల వత్తు గీత కింద, చదవలేదు."